అదే నవంబరు 1: పుదుచ్చేరిలో సంతకం, అల్జీరియాలో యుద్ధం

(కాకినాడలో జరిగిన ఉపన్యాస కార్యక్రమం నుంచి. వక్త ముందు క్లుప్తంగా మాట్లాడి, మిగతా సమయమంతా సభికుల ప్రశ్నలకు ఇచ్చారు. మాటల్లో దొర్లిన పునరుక్తులను మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ఉపన్యాసం తక్కువ, ప్రశ్నలు ఎక్కువ అని నిర్వాహకులు ముందే షరతు పెట్టారు. కాబట్టి ఒక్క తేదీ చెప్పి ఊరుకుంటాను.

నవంబరు 1 అనగానే మనకు గుర్తొచ్చేది ఆంధ్రప్రదేశ్ అవతరణ, 1956. దానికి సరిగ్గా రెండేళ్ల ముందు, 1954 నవంబరు 1న, పుదుచ్చేరిలో పియేర్ లాందీ అనే ఫ్రెంచి అధికారి, కేవల్ సింగ్ అనే మన అధికారి కాగితాలు మార్చుకున్నారు. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న యానాం, నాలుగింటి పాలనా ఆ కాగితాలతోనే భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ రోజు ఎవరూ ఎవరి మీదా తుపాకీ ఎత్తలేదు.

అదే రోజు తెల్లవారకముందే, మధ్యధరా సముద్రం అవతల అల్జీరియాలో, జాతీయ విమోచన సంఘటన అనే సంస్థ పోలీసు ఠాణాల మీదా, సైనిక శిబిరాల మీదా పదుల చోట్ల దాడులు చేసింది. ఆ యుద్ధం 1962 దాకా సాగింది. లక్షల మంది చచ్చిపోయారు. అక్కడా ఇక్కడా ఉన్నది అదే ఫ్రాన్సు. ప్రధానమంత్రీ ఒక్కడే, పియేర్ మెండెస్ ఫ్రాన్స్. యుద్ధోన్మాది అనడానికి లేదు. ఆ ఏడాది జులైలో జెనీవాలో కూర్చుని ఇండోచైనా యుద్ధాన్ని ముగించినవాడు. అదే నెలాఖరున ట్యునీషియాకు స్వయంగా వెళ్లి అంతర్గత స్వయంపాలన ఇస్తామని ప్రకటించినవాడు. అక్టోబరులో మనతో ఒప్పందం కుదుర్చుకున్నదీ ఆయన ప్రభుత్వమే. అలాంటి మనిషి నవంబరు 12న పార్లమెంటులో నిలబడి, అల్జీరియా ఫ్రెంచి గణతంత్రంలో భాగం, దాని విషయంలో రాజీ ఉండదు అన్నాడు.

వదలడం తెలిసినవాడు అక్కడ ఎందుకు వదల్లేకపోయాడు? నాకున్న ప్రశ్న ఇదే. ఇక మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని): సార్, ఆ తేడాకి కారణం చమురే కదండీ? అల్జీరియాలో చమురు ఉంది, యానాంలో ఏముంది?

చాలామంది ఇలాగే అనుకుంటారమ్మా. కానీ తేదీలు చూడు. సహారాలో హస్సీ మెసావూద్ దగ్గర చమురు బయటపడింది 1956లో. యుద్ధం మొదలైంది 1954లో. చమురు వల్ల యుద్ధం పొడుగైందంటే ఒప్పుకుంటాను, మొదలవడానికి మాత్రం కారణం అది కాదు.

అసలు విషయం మనుషుల్లో ఉంది. ఫ్రాన్సు 1830లో అల్జీరియా మీద పడింది. 1848 నాటికే దాన్ని మూడు జిల్లాలుగా చేసి ఫ్రాన్సులో కలిపేసింది. వలస అని కాదు, ఫ్రాన్సులోనే భాగమని. అక్కడికి ఫ్రాన్సు నుంచే కాదు, స్పెయిన్ నుంచీ, ఇటలీ నుంచీ, మాల్టా నుంచీ జనం వచ్చి భూములు తీసుకుని స్థిరపడ్డారు. 1954 నాటికి వాళ్లు దాదాపు పది లక్షలు. ముస్లిములు వాళ్లకు ఎనిమిది తొమ్మిది రెట్లు. మంచి భూములు, ఉద్యోగాలు, పట్టణాలు ఆ పది లక్షల మంది చేతుల్లో ఉన్నాయి.

వాళ్లకు పారిస్ పార్లమెంటులో సీట్లు కూడా ఉన్నాయి. అల్జీరియా మొత్తానికి 30 స్థానాలు. అందులో సగం ఐరోపా వాళ్ల జాబితాకి, సగం ముస్లిముల జాబితాకి. పది లక్షల మందికి 15, తొంభై లక్షల మందికి 15. ఆ రోజుల్లో ఫ్రాన్సులో సంకీర్ణ ప్రభుత్వాలు. పది ఓట్లు అటూ ఇటూ అయితే ప్రధానమంత్రి ఇంటికి పోవలసిందే. మెండెస్ ఫ్రాన్స్ కూడా 1955 ఫిబ్రవరిలో అలాగే పోయాడు. ఉత్తర ఆఫ్రికా విధానం మీద చర్చ జరుగుతుంటే ఆయన్ని చీల్చి చెండాడిన వక్త రెనె మేయర్. ఆయనా మెండెస్ ఫ్రాన్స్ పార్టీ వాడే, కాకపోతే గెలిచి వచ్చింది అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ నుంచి. అల్జీరియాలో సంస్కరణలు అన్నంత మాత్రానికే ప్రధాని కుర్చీ కదిలిపోయింది!

ప్రశ్న (విశ్రాంత ఉపాధ్యాయుడు): మాస్టారూ, యానాం పుదుచ్చేరీలకి కూడా పారిస్‌లో ప్రతినిధి ఉండేవాడు కదా? మరి అక్కడ అడ్డు రాలేదేం?

చక్కటి ప్రశ్న అడిగారు మాస్టారూ. ఉండేవాడు. ఫ్రెంచి ఇండియాకి ఒక సీటు. 1946లో లాంబేర్ శరవణే, 1951లో ఎడ్వార్ గూబేర్ గెలిచారు. అంటే పారిస్‌లో గొంతు ఉంది, దాని వెనక స్థిరపడిన తెల్లవాళ్ల సమూహం మాత్రం లేదు. పుదుచ్చేరిలో ఫ్రాన్సు నుంచి వచ్చిన అధికారులు, వర్తకులు, మిషనరీలు కొద్దిమంది. వాళ్లకు పొలాలు లేవు. కట్టుకున్న ఊళ్లు లేవు. పెట్టె సర్దుకుంటే పోతుంది.

పైగా గూబేర్ గాలి ఎటు వీస్తే అటు తిరిగిన మనిషి. ఏళ్ల తరబడి ఫ్రెంచి పక్షాన ఎన్నికలు నడిపించినవాడు 1954 మార్చిలో ఒక్కసారిగా విలీనం కావాలన్నాడు. దానికి దేశభక్తి ఒక్కటే కారణమని నేననుకోను. భారత ప్రభుత్వం సరిహద్దు చుట్టూ కస్టమ్స్ కంచె బిగించేసింది. ఆ ఊళ్లకి బియ్యం, కరెంటు, రాకపోకలు అన్నీ మన వైపు నుంచే పోవాలి. చౌక సరుకు తెచ్చి ఇవతల అమ్ముకునే వ్యాపారమూ కుంటుపడింది. మే 7న వియత్నాంలో ఫ్రెంచి సైన్యం కాపాడుకుంటున్న దియెన్ బియెన్ ఫూ కోట పడిపోయింది. సైగాన్ దారిలో మజిలీగానైనా పుదుచ్చేరి పనికొస్తుందన్న వాదన అంతటితో చల్లారింది.

యానాం సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. శారదా చట్టం వచ్చాక చుట్టుపక్కల వాళ్లంతా బాల్య వివాహాలకి అక్కడికే పరుగెత్తేవారనీ, దాంతో ఆ ఊరికి కళ్యాణపురమని పేరొచ్చిందనీ పెద్దవాళ్లు చెబుతారు. ఫ్రెంచి చట్టం మన వాళ్లకి అలా కూడా పనికొచ్చింది లెండి. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాంని పట్టుకున్నారు. ఆయన అంతకుముందు ఫ్రెంచి పోలీసు శాఖలో పనిచేసినవాడే. ఒక ఊరు చేజారితే పారిస్ సైన్యాన్ని దింపలేదు. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ఎన్నికైన ప్రతినిధులు 178 మంది ఓటు వేస్తే 170 మంది విలీనానికి, 8 మంది ఫ్రాన్సుకి. ప్రజల సమ్మతి లేకుండా భూభాగం వదలకూడదని ఫ్రెంచి రాజ్యాంగంలో ఉంది కాబట్టి ఆ తంతు అవసరమైంది. వదిలినట్టూ ఉండాలి, రాజ్యాంగం ప్రకారం వదిలినట్టూ ఉండాలి.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పాలన 1954లో వచ్చినా, చట్టబద్ధమైన బదిలీ ఒప్పందం మీద సంతకాలు 1956 మేలో జరిగాయి. దాన్ని ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించింది 1962 జులైలో. పత్రాల మార్పిడి ఆగస్టు 16న. ఆరేళ్లు ఆ ఒప్పందం అలా పడి ఉంది. అల్జీరియా యుద్ధం నడుస్తుండగా, ఫ్రాన్సు జెండా ఎగిరిన అంగుళం నేలనైనా వదులుతామని పార్లమెంటులో బిల్లు పెట్టే ధైర్యం ఏ ప్రభుత్వానికుంటుంది? 1962 జులై మొదటి వారంలో అల్జీరియా స్వతంత్రమైంది. మన బిల్లూ ఆ నెలలోనే గట్టెక్కింది. యానాం కాగితాలు అల్జీరియా పోయేదాకా ఆగాయన్నమాట.

ప్రశ్న (న్యాయవాది): అంటే స్థిరపడిన తెల్లవాళ్లు ఉంటే యుద్ధం, లేకపోతే శాంతి. ఇంతేనా సూత్రం?

అంత సులువైతే నేను ఇక్కడికి రానక్కర్లేదండి. కెన్యా చూడండి. అక్కడా తెల్లవాళ్లున్నారు, కొండ ప్రాంతాల్లో మంచి భూములన్నీ వాళ్లవే. మౌ మౌ తిరుగుబాటు వచ్చింది. 1952లో అత్యవసర పరిస్థితి పెట్టి బ్రిటిష్ వాళ్లు వెయ్యి మందికి పైగా ఉరితీశారు. లక్షల మంది కికుయు తెగవాళ్లను కంచెలేసిన ఊళ్లలో, శిబిరాల్లో కుక్కారు. బ్రిటన్ మర్యాదగా వెళ్లిపోయింది, ఫ్రాన్సు కొట్లాడింది అనేవాళ్లకి నేను కెన్యా పేరే చెబుతాను.

కానీ చివర చూడండి. 1959 మార్చిలో హోలా శిబిరంలో కాపలావాళ్లు 11 మంది ఖైదీలను కొట్టి చంపారు. అది లండన్ పార్లమెంటులో రచ్చయింది. 1960 జనవరిలో లండన్‌లోని లాంకాస్టర్ హౌస్‌లో సమావేశం పెట్టి, అధిక సంఖ్యాకుల పాలన వస్తుందని బ్రిటన్ తేల్చేసింది. తెల్ల రైతులు ద్రోహమని అరిచారు. అంతకుమించి ఏం చేయగలరు? వాళ్లు అరవై వేలకు మించరు, లండన్ పార్లమెంటులో వాళ్లకు ఒక్క సీటూ లేదు. వాళ్ల భూములు కొని ఆఫ్రికన్ రైతులకు పంచే పథకం పెట్టారు, 1963 డిసెంబరులో జెండా దించారు.

అల్జీరియాలో అదే ప్రయత్నం ఎలా ముగిసిందో చూడండి. 1956 ఫిబ్రవరి 6న కొత్త ప్రధాని గీ మొల్లే రాజీ ఆలోచనతో అల్జియర్స్ వెళ్లాడు. ఐరోపా వాళ్ల గుంపు టమాటాలు విసిరింది. ఆయన వెనక్కి తగ్గి, తాను నియమించాలనుకున్న ఉదారవాది గవర్నరును మార్చేశాడు. ప్రత్యేక అధికారాలు తీసుకున్నాడు. నిర్బంధ సైనిక సేవలో ఉన్న కుర్రాళ్లను పంపాడు. ఆ ఏడాది చివరికి అక్కడ నాలుగు లక్షల సైన్యం. 1958 మే 13న అదే గుంపు, సైన్యం తోడుగా, గవర్నరు కార్యాలయం మీద పడింది. నాలుగో గణతంత్రమనే ఆనాటి ఫ్రెంచి వ్యవస్థ కూలింది, జనరల్ డిగాల్ అధికారంలోకి వచ్చాడు. ఆయన కూడా స్వయం నిర్ణయాధికారం అనే మాట బయటపెట్టడానికి 1959 సెప్టెంబరు దాకా ఆగాడు. 1961 ఏప్రిల్‌లో నలుగురు జనరల్స్ ఆయన మీదే తిరగబడ్డారు.

కాబట్టి స్థిరపడినవాళ్లు ఉన్నారా అని మాత్రమే అడిగితే చాలదు. రాజధానిలో ప్రభుత్వాన్ని పడగొట్టే బలం వాళ్లకు ఉందా? నేను ముందు అడిగేది అది.

ప్రశ్న (వెనక వరస నుంచి): మరి మన దేశం? గాంధీగారి వల్లా, సుభాష్ బోసు వల్లా, యుద్ధంలో బ్రిటన్ చితికిపోవడం వల్లా?

ఈ ప్రశ్న రాకుండా ఏ సభా ముగియదు. (నవ్వులు) నేను మీ ముందు మూడు పద్దులు పెడతాను, ఎవరికెన్ని మార్కులో మీరే వేసుకోండి.

మొదటిది అప్పు. యుద్ధానికి ముందు మనం బ్రిటన్‌కి బాకీ. యుద్ధంలో మన సైన్యం, సరుకులు వాడుకుని, తర్వాత ఇస్తామని లండన్‌లో పద్దు రాశారు. 1945 నాటికి ఆ పద్దు దాదాపు 130 కోట్ల పౌండ్లు. ఎవరి నుంచి వసూలు చేసుకోవాలో వాళ్లకే బాకీ పడ్డారు.

రెండోది తుపాకీ ఎవరి చేతిలో ఉందన్నది. 25 లక్షల భారత సైన్యం. ఐసీఎస్‌లోకి తెల్లవాళ్లను తీసుకోవడం యుద్ధంలో ఆగిపోయింది, జిల్లాల్లో అధికారులు చాలావరకు మనవాళ్లే. ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల విచారణ పెడితే దేశమంతా వాళ్ల పక్షాన నిలబడింది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో నావికులు సమ్మె కట్టారు, అది కరాచీకి, మద్రాసుకి, మన విశాఖకి పాకింది. తిరుగుబాటు అణిచివేయమని చెబితే సైన్యం మాట వింటుందా? వైస్రాయ్ వేవెల్‌కి ఆ భరోసా లేదు. 1942లో క్విట్ ఇండియాని అణచగలిగారు. 1946లో అంత శక్తి లేదని వాళ్లకే అర్థమైంది. ఆ మధ్య నాలుగేళ్లలో వచ్చిన మార్పులో కాంగ్రెసు పాతికేళ్లుగా ఊరూరా వేసుకున్న వేళ్ల పాత్ర చిన్నది కాదు. చేతులు మార్చుకోవడానికి అవతల సిద్ధంగా ఒక పార్టీ ఉంది.

మూడోది లండన్‌లో ఆట్లీ ప్రభుత్వం. మెజారిటీ బాగా ఉంది, భారతదేశం నుంచి వచ్చిన తెల్ల ఎంపీలెవరూ ఆయన్ని పడగొట్టలేరు, అలాంటివాళ్లు అసలు లేరు.

అయితే దీన్ని శాంతియుతమైన బదిలీ అంటే నేను ఒప్పుకోను. బ్రిటిష్ వాళ్లకి శాంతియుతం. సరిహద్దు గీయడానికి రాడ్‌క్లిఫ్ మన దేశానికి వచ్చింది 1947 జులై 8న, గీత బయటపెట్టింది ఆగస్టు 17న. పంజాబులో, బెంగాలులో ఏం జరిగిందో మీకు తెలుసు. తొందరగా వెళ్లిపోవడం కూడా ఒక రకం హింసే, దాని లెక్క వెళ్లినవాడి ఖాతాలో రాయరు.

ప్రశ్న (ఇంజనీరు): అమెరికా పాత్ర గురించి చెప్పండి సార్. ఇండోనేషియాలో డచ్చివాళ్లని వెళ్లమంది, వియత్నాంలో ఫ్రెంచివాళ్లకి డబ్బిచ్చింది. ఎందుకలా?

రెండు చోట్లా కథ ఒకేలా మొదలైంది. జపాన్ 1945 ఆగస్టు 15న లొంగిపోయింది. 17న జకార్తాలో సుకర్ణో, హట్టా స్వాతంత్ర్యం ప్రకటించారు. సెప్టెంబరు 2న హనోయిలో హో చి మిన్ ప్రకటించాడు. పాత యజమానులు తిరిగి రావడానికి నెలలు పట్టింది. ఆ ఖాళీలో మనవాళ్లనే పంపారు. సురబాయాలో జపాన్ వాళ్ల ఆయుధాలు స్వాధీనం చేసుకోవడానికి దిగింది బ్రిటిష్ ఇండియన్ సైన్యం. అక్టోబరు 30న బ్రిగేడియర్ మాలబీ చనిపోయాడు, నవంబరు 10 నుంచి వారాల తరబడి వీధి పోరాటం. మన దేశం స్వతంత్రం కోరుతుంటే మన సిపాయిలు ఇంకొకరి స్వాతంత్ర్యం మీద కాల్పులు జరుపుతున్నారని కాంగ్రెసు మండిపడింది.

అక్కణ్ణుంచి దారులు విడిపోయాయి. డచ్చి ప్రభుత్వం 1947లో ఒకసారి, 1948 డిసెంబరులో ఇంకోసారి దండెత్తి, ‘పోలీసు చర్య’ అని పేరు పెట్టింది. (నవ్వులు) హైదరాబాదు వాళ్లకి ఆ పేరు కొత్త కాదు లెండి. కానీ 1948 సెప్టెంబరులో మదియున్‌లో కమ్యూనిస్టులు తిరగబడితే ఇండోనేషియా గణతంత్రమే వాళ్లను అణచివేసింది. వాషింగ్టన్‌కి కావలసింది అదే. నమ్మదగిన జాతీయవాదులు ఇక్కడుంటే డచ్చివాళ్ల మొండితనం ఎందుకని, యుద్ధంలో చితికిన ఐరోపాకు తానిస్తున్న మార్షల్ సహాయం ఆపుతామని బెదిరించింది. 1949 డిసెంబరు 27న అధికారం చేతులు మారింది. అదీ ఊరికే కాదు, డచ్చి పాలన చేసిన అప్పుల్లో 430 కోట్ల గిల్డర్లు కొత్త దేశం నెత్తిన పెట్టి మరీ.

హో చి మిన్ కమ్యూనిస్టు. అదే ఏడాది చైనాలో మావో గెలిచాడు. దాంతో ఫ్రాన్సు వలస యుద్ధం కాస్తా కమ్యూనిజం మీద యుద్ధమైపోయింది, 1954కి వచ్చేసరికి ఖర్చులో సింహభాగం అమెరికాది. హాలండు సొంత డబ్బుతో పోరాడలేక దిగింది, ఫ్రాన్సు పరాయి డబ్బుతో ఇంకా నాలుగేళ్లు పోరాడింది.

ప్రశ్న (అదే న్యాయవాది): పోర్చుగల్‌లో నిజమైన ఎన్నికలే లేవు, ఓట్ల భయం లేదు. మరి వాళ్లు అందరికన్నా ఆలస్యంగా ఎందుకు వదిలారు?

నా వాదనలో బొక్క పట్టుకున్నారు. నిజమే, పార్లమెంటు సీట్ల లెక్క అక్కడ పనిచేయదు. సలజార్ నియంత. తన మీద ఒత్తిడి తెచ్చే ఓటరు ఎంత లేడో, పోయిన యుద్ధానికి బాధ్యుడని దింపేసే ఓటరూ అంతే లేడు. పోర్చుగల్ పేద దేశం కూడా. బ్రిటన్ ఇప్పటి ఘనా అయిన గోల్డ్ కోస్టు వదిలినా వ్యాపారం దాని చేతిలోనే ఉంటుంది. పోర్చుగల్ అంగోలా వదిలితే పెద్ద దేశాల కంపెనీలు వచ్చి కూర్చుంటాయి, తనకేమీ మిగలదు. 1951లోనే వలసలన్నిటికీ సముద్రావతల రాష్ట్రాలని పేరు మార్చి కూర్చున్నాడు.

గోవాలో 1961 డిసెంబరులో మన సైన్యం వెళ్తే, చివరి మనిషి దాకా పోరాడండి, లొంగిపోవద్దు అని లిస్బన్ నుంచి ఆదేశం. గవర్నరు వస్సాలో ఎ సిల్వా రెండు రోజులు తిరక్కుండానే లొంగిపోయాడు. వేల ప్రాణాలు కాపాడినందుకు ఆయనకు దక్కింది సైన్యం నుంచి బహిష్కరణ. సైనికాధికారులు దాన్ని మరిచిపోలేదు. ఆఫ్రికాలో మూడు చోట్ల పదమూడేళ్లు పోరాడి విసిగిపోయిన కెప్టెన్లే 1974 ఏప్రిల్ 25న లిస్బన్‌లో ప్రభుత్వాన్ని దించేశారు. ఎన్నికలు చేయని పని సైన్యం చేసింది.

ప్రశ్న (పెద్దావిడ): బాబూ, మా నాన్నగారు రంగూన్ నుంచి నడిచొచ్చారు. ఈ లెక్కలన్నిటిలో మాలాంటి వాళ్లు ఎక్కడ?

అమ్మా, మీరు అడిగింది పుస్తకాల్లో చివరి అధ్యాయంలో కూడా దొరకదు. పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి వెళ్లిన కూలీల వల్ల, బర్మాలో తెలుగువాళ్లందరికీ కోరంగీలనే పేరు పడింది. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పని వాళ్లది. బ్రిటిష్ వాళ్లకు చవకైన కూలీలు, బర్మీయుల దృష్టిలో బ్రిటిష్ వాళ్ల వెంట వచ్చినవాళ్లు. 1942లో జపాన్ సైన్యం వస్తే లక్షల మంది కొండలు దాటి నడిచారు, దారిలో చచ్చిపోయినవాళ్లకి లెక్క లేదు. 1948లో బర్మా చర్చలతోనే బ్రిటన్ నుంచి బయటపడింది. తిరిగి వెళ్లినవాళ్లు, మిగిలిపోయినవాళ్లు మళ్లీ 1962లో సైనిక పాలకుడు నె విన్ వచ్చాక దుకాణాలు, కొలువులు పోగొట్టుకుని ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు వాళ్ల కోసం పుట్టిందే.

ఇది మనవాళ్లకే జరగలేదు. డచ్చి సైన్యంలో పనిచేసిన, ఇండోనేషియాలోని మొలుక్కా దీవుల సిపాయిలను కుటుంబాలతో సహా దాదాపు పన్నెండున్నర వేల మందిని 1951లో హాలండుకు ఓడల్లో చేర్చి, దిగగానే ఉద్యోగంలోంచి తీసేసి పాత శిబిరాల్లో ఉంచారు. అల్జీరియాలో ఫ్రెంచివాళ్ల పక్షాన పోరాడిన హర్కీలను 1962లో ఆయుధాలు తీసుకుని అక్కడే వదిలేశారు. వేలల్లో చంపేశారు వాళ్లను. అదే ఏడాది అమల్లోకి వచ్చిన ఒప్పందం ప్రకారం పుదుచ్చేరి, యానాం వాళ్లు మాత్రం ఆరు నెలల్లోగా కోరుకుంటే ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోగలిగారు. సంతకం చేసినవాళ్ల పిల్లలు, మనవలు ఇప్పటికీ ఫ్రెంచి ఎన్నికల్లో పుదుచ్చేరి నుంచే ఓటు వేస్తున్నారు. అమ్మా, మీ నాన్నగారు ఏ ఏడు వచ్చారో, ఏ దారిన నడిచారో సభ అయ్యాక కాస్త నాకు చెప్పండి, రాసుకుంటాను.